‘నీళ్ళు వదిలితే మా పంట దక్కింది’ – ఈ వాక్యం అర్జీలో పెట్టవచ్చా?

అర్జీల_బల్ల
శ్రీకాకుళంలో చిన్న టైపింగ్ సెంటరు నడుపుతున్నాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు కాబట్టి ఆదివారం సాయంత్రానికే జనం కాగితాలు పట్టుకుని వచ్చేస్తారు. ఈసారి కాలువ చివరి ఊళ్ళ రైతులు కొందరు వచ్చారు. నీళ్ళందక వరి పొట్ట దశలో ఎండిపోయింది, పరిహారం ఇప్పించండి అన్నది విషయం. చేతితో రాసి తెచ్చిన కాగితంలో అసలు వాక్యం ఇది:

‘అక్టోబరు మొదటి వారంలో శివారుకు నీళ్ళు వదిలితే మా పంట దక్కింది.’

వాళ్ళ గోడు పంట పోయిందని. కాగితం చూస్తే పంట దక్కిందని ఉంది. రైతులను అడిగితే ‘అదే కదా బాబూ రాశాం, వదిలితే దక్కును అని’ అన్నారు. నా దగ్గర పనిచేసే కుర్రవాడు ‘తే తరువాత జరిగిపోయిన కాలం రాకూడదు, దక్కుతుంది అని మార్చేద్దాం’ అంటున్నాడు. అలా మారిస్తే పంట ఇంకా చేలో నిలబడి ఉన్నట్లు అవుతుంది, పరిహారం అడగడానికి ఆధారమే పోతుంది. రేపు ఉదయం వాళ్ళు మళ్ళీ వస్తారు. తే ఉన్న వాక్యం చివర ఏ క్రియ రావాలో సరిచూసుకునే పద్ధతి ఏదైనా ఉందా? రోజూ ఇలాంటి కాగితాలే నా చేతికి వస్తాయి, అందుకే అడుగుతున్నాను.

ఉద్దానం_గాలి
వదిలితే అన్నదే సరైనది. వదలితే అని రాసేవాళ్ళూ ఉన్నారు కానీ చదవడానికి బాగుండదు. వెళితే, వెళ్తే మాత్రం రెండూ పత్రికల్లో కనిపిస్తాయి, ఏది రాసినా ఎవరూ ఏమీ అనరు.

అర్జీల_బల్ల
అక్షరాల గురించి కాదండీ. వదిలితే అని మొదలుపెట్టాక చివర దక్కింది అనాలా, దక్కుతుంది అనాలా, దక్కేది అనాలా అన్నది నా సందేహం.

బొబ్బిలి_మాస్టారు
మీ దగ్గర ఉన్న కుర్రవాడు చెప్పింది సబబుగానే ఉంది. దీన్ని చేదర్థకం అంటారు. ఒక పని మీద ఇంకొక పని ఆధారపడి ఉన్నప్పుడు మొదటి క్రియకు తే చేరుతుంది. ‘వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి’ అని పిల్లలకు చెప్పేవాళ్ళం. కురవడం ఇంకా జరగలేదు, కనుక పండడమూ జరగలేదు. అందుచేత తే తరువాత భవిష్యత్తు గానీ, తద్ధర్మం గానీ, ‘వస్తే చెప్పు’ అన్నట్లు విధి గానీ రావాలి. ‘కురిస్తే పండాయి’ అని రాసిన పిల్లవాడికి నేను మార్కు ఇవ్వను.

డీఎస్సీకి_చదువుతున్నా
ఇది మా పరీక్షలో వచ్చే బిట్టే. చేసినా అంటే అప్యర్థకం, చేస్తే అంటే చేదర్థకం. ఇంతవరకే చదివాను, చివరి క్రియ గురించి మా పుస్తకంలో ఏమీ లేదు.

నాగావళి_ఒడ్డున
మాస్టారూ, ప్రశ్న అడిగిన ఆయన రాసిన పేరానే ఒకసారి చూడండి. ‘రైతులను అడిగితే … అన్నారు’ అని రాశారు. అడగడం జరిగింది, అనడమూ జరిగింది. తే ఉంది, చివర భూతకాలమూ ఉంది. చదివిన మనలో ఎవరికీ ఎక్కడా తట్టుకోలేదు.

మనం రోజంతా ఇలాగే మాట్లాడతాం. ‘పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను.’ ‘తలుపు కొడితే ముసలావిడ తీసింది.’ ‘తీరా వెళ్తే ఆఫీసుకు తాళం వేసి ఉంది.’ వీటిలో షరతు ఏమీ లేదు. ఒకటి జరిగింది, దాని వెనుక రెండోది జరిగింది, లేదా రెండోది కంటపడింది. తే ఆ రెండింటినీ కలుపుతోంది, అంతే.

అందుకే రైతుల వాక్యం గురించి నాకు అసలు భయం. అది వ్యాకరణం తప్పిన వాక్యమైతే చదివే అధికారి ‘ఏదో తప్పు రాశారు’ అనుకుని ఊహించి అర్థం చేసుకుంటాడు. కానీ అది నిక్షేపమైన తెలుగు వాక్యం. ‘నీళ్ళు వదిలితే పంట దక్కింది’ అంటే నీళ్ళు వదిలారు, అందువల్ల పంట దక్కింది అని. రైతులు చెప్పదలచుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. ‘నీరు అందినట్లు అర్జీదారులే రాశారు’ అని ఎవరైనా పక్కన రాస్తే మన దగ్గర జవాబు ఉండదు.

సరిచూసుకోవడానికి నేను చేసేది చెబుతాను. వాక్యం ముందు ‘ఒకవేళ’ పెట్టి చదవండి. ‘ఒకవేళ పిలిస్తే వెళ్తాను’ బాగుంది, అది షరతు. ‘ఒకవేళ పిలిస్తే వెళ్ళాను’ నోటికి అడ్డం తగులుతుంది, కనుక అక్కడ షరతు లేదు, జరిగిన విషయమే ఉంది. ఇప్పుడు ‘ఒకవేళ నీళ్ళు వదిలితే పంట దక్కింది’ అని చదవండి. కుదరడం లేదు కదా. రాసినవారి మనసులో ఉన్నది షరతు, కాగితం మీద ఉన్న క్రియ షరతును ఒప్పుకోనిది.

పలాస_జీడితోట
‘తీరా వెళ్తే’ అన్నారు చూడండి, ఆ మాట తరువాత మంచి వార్త రావడం నేనింతవరకు వినలేదు. తాళమైనా వేసి ఉంటుంది, సారు సెలవులోనైనా ఉంటారు.

బొబ్బిలి_మాస్టారు
నాగావళి గారూ, ‘పిలిస్తే వెళ్ళాను’ ఉన్నదని ఒప్పుకుంటాను. అయితే అది చేదర్థకం కాదు. రూపం ఒకటే, పని వేరు. షరతు చెప్పే తే పక్కన భూతకాలం రాదన్న నా మాట అలాగే నిలుస్తుంది.

నాగావళి_ఒడ్డున
అలా చెబితే నాకు పేచీ లేదు. ఆ కుర్రవాడు నేర్చుకున్నది మాత్రం ‘తే తరువాత భూతకాలం ఎప్పుడూ తప్పే’ అని. ఆ సూత్రం పట్టుకుని సరిదిద్దుతూ పోతే ‘అధికారులను అడిగితే రేపు రమ్మన్నారు’ అని ఉన్న మంచి వాక్యాన్ని కూడా ‘రమ్మంటారు’ అని చెడగొడతాడు. నాకు దిగులు అక్కడ.

కాలువ_చివరి_చేను
నేనూ శివారు రైతునే, వేరే కాలువ. వాళ్ళు ‘దక్కింది’ అని ఎందుకు రాశారో నాకు తెలుస్తోంది. నోటితో చెప్పేటప్పుడు ‘అప్పుడు వదిలితే దక్కును కదా’ అని సాగదీసి అంటాం. ఆ గొంతులోనే దక్కలేదన్న సంగతి ఎదుటివాడికి తెలిసిపోతుంది. కాగితం మీద పెట్టేసరికి ‘దక్కును’ అంటే ముందుకు జరగబోయేదిలా కనిపిస్తుంది. జరిగిపోయిన సంగతి కదా అని ‘దక్కింది’ చేసి ఉంటారు. కాలం సరిచేశామనుకున్నారు, అర్థం ఎదురు తిరిగింది.

అర్జీల_బల్ల
అచ్చం అదే జరిగినట్లుంది. అయితే ‘వదిలితే దక్కేది’ అని కొడితే సరిపోతుందా? లేక ‘వదిలి ఉంటే దక్కేది’ అనాలా? రెండూ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి.

నాగావళి_ఒడ్డున
చెవికి ఒకటిగానే ఉంటాయి, అర్జీలో ఒకటి కావు. ఈ రెండు వాక్యాలు చూడండి.

‘మా చిన్నతనంలో గట్టిగా వాన పడితే బడికి సెలవు ఇచ్చేవారు.’
‘నిన్న గట్టిగా వాన పడితే బడికి సెలవు ఇచ్చేవారు.’

రెండింటిలోనూ పడితే, ఇచ్చేవారు ఉన్నాయి. మొదటిదానిలో వానలు పడ్డాయి, సెలవులు ఇచ్చారు, అది అప్పటి అలవాటు. రెండోదానిలో వాన పడలేదు, సెలవూ ఇవ్వలేదు. ఇచ్చేవారు, పండేది, దక్కేది లాంటి క్రియలకు ఈ రెండు పనులూ ఉన్నాయి. గతంలో మాటిమాటికీ జరిగినదాన్నీ చెబుతాయి, అసలు జరగనిదాన్నీ చెబుతాయి. ఏది చెబుతున్నాయో ‘మా చిన్నతనంలో’, ‘నిన్న’ లాంటి మాటలను బట్టి మనం తేల్చుకుంటున్నాం.

ఇప్పుడు అర్జీకి వద్దాం. ‘అక్టోబరు మొదటి వారంలో నీళ్ళు వదిలితే పంట దక్కేది.’ దీన్ని ‘ఏటా అక్టోబరులో వదిలేవారు, ఏటా పంట దక్కేది’ అని చదవడానికి ఏ అడ్డూ లేదు. కాలువ నీళ్ళు ఏటా వచ్చేవే కాబట్టి ఆ అర్థమే ముందు తోస్తుంది కూడా. ‘వదిలి ఉంటే’ అంటే ఆ దారి మూసుకుపోతుంది. వదిలి ఉంటే అన్నప్పుడు ఇక వదలలేదనే అర్థం.

దీనికి కూడా ఒక పరీక్ష ఉంది. వాక్యం చివర ‘కానీ వదలలేదు’ అని తగిలించండి.
‘వదిలితే పంట దక్కింది, కానీ వదలలేదు.’ మొదటి సగాన్ని రెండో సగం కాదంటోంది. పనికిరాదు.
‘వదిలితే పంట దక్కుతుంది, కానీ వదలలేదు.’ అతుకులు తెలుస్తున్నాయి, కాలం ఎటు పోయిందో తెలియదు.
‘వదిలితే పంట దక్కేది, కానీ వదలలేదు.’ బాగుంది, అయితే చివరి ముక్క ఉంటేనే అర్థం తేలుతోంది.
‘వదిలి ఉంటే పంట దక్కేది, కానీ వదలలేదు.’ చివరి ముక్క తీసేసినా అదే అర్థం వస్తుంది.

అర్జీలో పెట్టవలసింది ఆఖరిది.

పలాస_జీడితోట
ఇక్కడ నేను ఒప్పుకోను. ప్రతిదానికీ ఉంటే తగిలిస్తే భాష బరువెక్కిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు జీడి తోటలు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఇప్పటికీ మా ఇంట్లో ‘ముందుగా పై కొమ్మలు కొట్టిస్తే ఆ నాలుగు చెట్లయినా మిగిలేవి’ అంటారు. కొట్టించి ఉంటే అని ఎవరూ అనరు. విన్నవాళ్ళలో ఒక్కరైనా ‘ఏటా కొట్టించేవారా’ అని అడగలేదు. చెట్టు కూలేది ఒక్కసారే. రోజూ కూలదు కదా, అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

నాగావళి_ఒడ్డున
మీ వాక్యంలో నిజంగానే అనుమానం రాదు, కారణం కూడా మీరే చెప్పారు. ఒక్కసారి మాత్రమే జరిగేదానికి అలవాటు అర్థం అంటదు. ‘ఇంకో పది నిమిషాలు ముందు వస్తే రైలు దొరికేది’ అని స్టేషనులో నిలబడి అన్నా అంతే, ఎదురుగా పట్టాలు ఖాళీగా కనిపిస్తున్నాయి. కాలువకు నీళ్ళు వదలడం, బస్సు రావడం, పింఛను అందడం అలాంటివి కావు, మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. అక్కడ తే, దక్కేది కలిస్తే రెండు అర్థాలూ లేచి కూర్చుంటాయి. ఇంకో సంగతి, మీ ఇంట్లో వినేవాళ్ళకు ఆ తోట తెలుసు. అర్జీ చదివేవారికి ఆ చేను తెలియదు.

పలాస_జీడితోట
సరే, అర్జీ వరకు ఒప్పుకుంటాను. కానీ ‘ఈ ఏడాది’ అన్న మాట ముందు పెడితే ఉంటే లేకుండానే పని జరుగుతుందని ఇప్పటికీ అంటాను. ‘ఈ ఏడాది అక్టోబరు మొదటి వారంలో వదిలితే దక్కేది.’ ఇక అలవాటు ఎక్కడిది?

కాలువ_చివరి_చేను
రెండూ పెట్టండి, ‘ఈ ఏడాది’నూ పెట్టండి, ‘ఉంటే’నూ పెట్టండి. కాగితంలో రెండు మాటలు పెరిగినంత మాత్రాన ఎవరి సొమ్మూ పోదు.

కోర్టు_గుమస్తా
మీరంతా అసలు విషయం వదిలేశారు. అర్జీలో తే వాడనే కూడదు. అది మాట్లాడే భాష. ‘నీరు విడుదల చేసిన యెడల’ అని రాయాలి. మా వకీలు గారి దగ్గర ఏ కాగితమైనా అలాగే తయారవుతుంది.

ఉద్దానం_గాలి
గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లాలో కూర్చుని వస్తే, చేస్తే కాగితం మీద పెట్టకూడదంటున్నారా! ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట మన శ్రీముఖలింగం పక్కనే. జనం మాట్లాడే భాష చదువులోకి, రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. రైతు అర్జీ రైతుకే అర్థం కాకపోతే దాని కింద వేలిముద్ర ఎలా వేస్తాడు?

నాగావళి_ఒడ్డున
గుమస్తా గారూ, యెడల వాడినంత మాత్రాన చివరి క్రియ దానంతట అది సరిపడదు. ‘నీరు విడుదల చేసిన యెడల పంట దక్కినది’ అని నేను కళ్ళారా చూసిన కాగితాలు ఉన్నాయి, ఈ కథే అక్కడా. పాత పద్ధతిలో రాయాలనుకుంటే ‘విడుదల చేసియున్న యెడల పంట దక్కియుండెడిది’ అని చివరిదాకా తీసుకుపోవాలి.

అయితే మీరన్న మాట ఇంకో విధంగా ఉపయోగపడుతుంది. యెడల అనేది షరతు చోట తప్ప నిలవదు. ‘పెళ్ళికి పిలిచిన యెడల వెళ్ళాను’ అని ఎవరూ అనరు. అందువల్ల తే ఉన్న చోట యెడల పెట్టి చూస్తే ‘ఒకవేళ’ చేసే పనే అదీ చేస్తుంది. నిలబడితే షరతు, పడిపోతే జరిగిన సంగతి. కాగితాలతో పనిచేసేవారి చెవికి ‘ఒకవేళ’ కన్నా ఇదే బాగా పట్టుబడుతుంది.

కోర్టు_గుమస్తా
అది నిజమే. ‘తలుపు కొట్టిన యెడల ముసలావిడ తీసినది’ అనుకుని చూశాను, నిలవలేదు.

డీఎస్సీకి_చదువుతున్నా
లేదు అని చెప్పే వాక్యాల సంగతి ఏమిటి? వదలకపోతే, రాకపోతే. అక్కడ కూడా ‘రాకపోయి ఉంటే’ అనాలా?

బొబ్బిలి_మాస్టారు
తప్పకుండా అనాలి. ‘వచ్చి ఉంటే’కు జోడీ ‘రాకపోయి ఉంటే’. ‘సమయానికి డాక్టరు రాకపోయి ఉంటే మనిషి బతికేవాడు కాదు.’

నాగావళి_ఒడ్డున
మాస్టారు రాసిన వాక్యం చక్కగా ఉంది. కానీ నేను వినేది ఎక్కువగా ‘డాక్టరు రాకపోతే మనిషి బతికేవాడు కాదు’ అనే. అందులో డాక్టరు వచ్చాడని, మనిషి బతికాడని వెంటనే తెలుస్తోంది. లేదు అని చెప్పేటప్పుడు ఉంటే అవసరం అంతగా పడదని నా అభిప్రాయం.

బొబ్బిలి_మాస్టారు
‘మా పాత ఊళ్ళో సమయానికి డాక్టరు రాకపోతే మనిషి బతికేవాడు కాదు.’ ఇప్పుడు చెప్పండి. ఎంతమంది పోయారో తెలియని పాత రోజుల మాట అయింది. మీరు ఇందాక చూపించిన చిక్కే ఇక్కడా ఉంది. వచ్చి ఉంటే కావాలన్నవారు రాకపోయి ఉంటే వద్దనడం న్యాయం కాదు.

నాగావళి_ఒడ్డున
చిక్కు ఉందని ఒప్పుకుంటున్నాను. అయినా జనం నోట ‘రాకపోయి ఉంటే’ తక్కువగా వస్తుందన్నది కూడా నిజమే. రాతలో మీ మాట పాటించవచ్చు, మాటలో పాటించనివారిని తప్పుపట్టలేం.

కాలువ_చివరి_చేను
నాకు ఒకటి తట్టింది. ‘నీళ్ళు వదలకపోతే పంట ఎండిపోయింది’ అంటే? మీరు చెప్పిన ‘పిలిస్తే వెళ్ళాను’ లెక్కలోనే, వదలలేదు, అందుకని ఎండింది అని వస్తుంది కదా. రైతులకు కావలసిన మాట అదే.

నాగావళి_ఒడ్డున
వస్తుంది. తే పెట్టారు, చివర భూతకాలం పెట్టారు, అర్థం కూడా నిజమే చెబుతోంది. మాస్టారి కుర్రవాడి సూత్రం ప్రకారం ఇది తప్పు, భాష ప్రకారం తప్పు కాదు. కాగితం మీద మాత్రం నేనైతే ‘వదలకపోవడంతో’ అంటాను. వదలకపోతే అని కనబడగానే చదివేవారు చివర ‘ఎండిపోతుంది’ వస్తుందని ఎదురుచూస్తారు, ‘ఎండిపోయింది’ దగ్గరికి వచ్చి ఒకసారి వెనక్కి వెళ్ళవలసి వస్తుంది.

బొబ్బిలి_మాస్టారు
నా కుర్రవాడు కాదు, టైపింగ్ సెంటరు కుర్రవాడు.

కోట_జంక్షన్
విజయనగరంలో అద్దెకు ఉండేవాళ్ళం. నాది కూడా తే తగాదానే. ఒప్పందంలో ‘ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు తెలియజేస్తే అడ్వాన్సు తిరిగి చెల్లిస్తాను’ అని ఉంది. మాకు బదిలీ రావడం వల్ల ఒక నెల ముందే చెప్పగలిగాం. రెండు నెలలు కాలేదు కనుక ఇవ్వనంటున్నారు. తెలియజేస్తే అంటే తెలియజేస్తేనే అనా? ‘తెలియజేయకపోతే ఇవ్వను’ అని కాగితంలో ఎక్కడా లేదు.

డీఎస్సీకి_చదువుతున్నా
తే పక్కన నే చేరితే తేనే. రాతలో తీయగానే ఉంది కానీ అడ్వాన్సు దగ్గర చేదవుతోంది.

నాగావళి_ఒడ్డున
కోట జంక్షన్ గారూ, మాట వరకు చెబుతాను. తెలియజేస్తే అన్నప్పుడు, తెలియజేసిన పక్షంలో ఏమవుతుందో చెప్పారు. తెలియజేయని పక్షంలో ఏమవుతుందో నోరు విప్పలేదు. తెలియజేస్తేనే అని ఉంటే ఆ రెండో పక్షం కూడా తేలిపోయేది, ఇవ్వననే. ‘టిక్కెట్టు ఉంటే లోపలికి పంపుతారు’ అని బోర్డు మీద చూస్తే మనం ‘లేకపోతే పంపరు’ అని కూడా కలుపుకుని చదువుతాం, అది మన అలవాటు. మీ ఇంటి యజమాని అలా కలుపుకుని చదువుతున్నారు, మీరు ఉన్నంతవరకే చదువుతున్నారు.

కోర్టు_గుమస్తా
మాట ఒక్కటే చూసి తేల్చరు. ఒప్పందంలో మిగతా షరతులు, అడ్వాన్సు ఎందుకు తీసుకున్నారో రాసిన వాక్యం, అన్నీ కలిపి చూస్తారు. కాగితం తీసుకుని ఎవరైనా వకీలును కలవండి. ఇంకోసారి ఒప్పందం రాసుకునేటప్పుడు మాత్రం ‘తెలియజేయని యెడల’ అని రెండో వాక్యం కూడా రాయించుకోండి, అప్పుడు నే ఉందా లేదా అన్న వాదన రాదు.

కోట_జంక్షన్
నే లేదు అన్న మాటే పట్టుకుని ఒకసారి అడిగి చూస్తాను.

అర్జీల_బల్ల
అందరూ చెప్పినవి కలిపి ఇలా కొట్టాను, చూడండి:

‘ఈ ఏడాది అక్టోబరు మొదటి వారంలో శివారుకు నీళ్ళు వదిలి ఉంటే మా పంట దక్కేది. నీళ్ళు వదలకపోవడంతో పొట్ట దశలో ఉన్న వరి ఎండిపోయి, వచ్చిన కొద్ది గింజ కూడా తాలుగా మారింది. పరిహారం ఇప్పిస్తే పెసర, మినుము విత్తనాలు కొనుక్కుని రెండో పంట వేసుకుంటాం.’

మా కుర్రవాడికి ఉంటే బాగా నచ్చేసింది. మూడో వాక్యాన్ని కూడా ‘పరిహారం ఇప్పించి ఉంటే … వేసుకుంటాం’ అని మార్చమంటున్నాడు, మూడూ ఒకే పద్ధతిలో ఉంటాయట.

నాగావళి_ఒడ్డున
మూడోదాన్ని ముట్టుకోవద్దు. పరిహారం ఇంకా రాలేదు, రావచ్చు, విత్తనాలూ ఇంకా కొనలేదు. తలుపు తెరిచే ఉంది కనుక ‘ఇప్పిస్తే వేసుకుంటాం’ అన్నదే సరైన జత. ఇప్పించి ఉంటే అనగానే ఇక ఇప్పించరని మీరే తేల్చేసినట్లు అవుతుంది. దాని వెనుక వేసుకుంటాం కూడా నిలవదు, వేసుకునేవాళ్ళం అనవలసి వస్తుంది. అడగడానికి వెళ్ళిన కాగితంలో ఆశ వదులుకున్న వాక్యం ఎందుకు?

బొబ్బిలి_మాస్టారు
మూడో వాక్యం నేను మొదట చెప్పిన సూత్రానికి సరిగ్గా సరిపోయింది. మొదటి వాక్యంలో ‘దక్కేది’ బదులు ‘దక్కి ఉండేది’ అంటే ఇంకా నిండుగా ఉంటుంది. ఈపాటికి ధాన్యం ఇంటికి చేరి ఉండేది అన్న భావం వస్తుంది.

పలాస_జీడితోట
వదిలి ఉంటే, దక్కి ఉండేది. ఒక వాక్యంలో రెండు ఉండడాలు. నాకు ‘దక్కేది’ చాలు.

నాగావళి_ఒడ్డున
రెండూ తప్పు కావు. కోత అయిపోయి ఉండవలసిన సమయానికి అర్జీ ఇస్తుంటే మాస్టారి మాట బాగుంటుంది. చేను ఇంకా ఎండి నిలబడే ఉంటే ‘దక్కేది’ సరిపోతుంది. చేను ఏ స్థితిలో ఉందో రైతులను అడగండి.

అర్జీల_బల్ల
చేను ఇంకా కోయలేదు, చూపించడానికని అలాగే ఉంచారు. అయితే ‘దక్కేది’ అనే ఉంచుతాను.

కాలువ_చివరి_చేను
ఉంచండి. దాని కింద ఒక్కొక్కరి సర్వే నంబరు, ఎండిన విస్తీర్ణం ఎకరాలు సెంట్లతో వేయండి. చేను కోసేలోగా ఎవరినైనా పంపి చూడమని కూడా ఒక వాక్యం కలపండి. కోసేశాక వస్తే చూడడానికి ఏమీ ఉండదు.

బొబ్బిలి_మాస్టారు
‘కోసేశాక వస్తే ఏమీ ఉండదు.’ ఇది కూడా సరిగ్గానే ఉంది. ‘రాకపోయి ఉంటే’ సంగతి మాత్రం నేను వదలలేదు నాగావళి గారూ, ఇంకో నాలుగు వాక్యాలు రాసుకుని వస్తాను.